తాళంచెవి రూపకమా, ప్రతీకా? ఒక 8 మార్కుల జవాబు పరిశీలన

రూపకం, ప్రతీక, వ్యంగ్యం, పదచిత్రం. సాహిత్య పరీక్షకు వచ్చే విద్యార్థికి ఈ నాలుగు మాటలూ కొత్త కావు. నిర్వచనాలు అడిగితే తడుముకోకుండా చెబుతారు. కానీ ఎప్పుడూ చదవని కవిత ఒకటి ప్రశ్నపత్రంలో కనబడగానే ఒకదాని పేరు ఇంకోదానికి తగిలిస్తారు. కారణం నిర్వచనాల్లో లేదు. కవితలో ఒక వస్తువు కనబడగానే ‘ఇది ఈ నాలుగింటిలో ఏది?’ అని అడుగుతారు. అక్కడే దారి తప్పుతుంది. వస్తువుకు పుట్టుకతో ఏ పేరూ ఉండదు. ఆ పంక్తిలో అది చేస్తున్న పనిని బట్టే పేరు వస్తుంది. ఒకే వస్తువు ఒక పంక్తిలో పదచిత్రంగా, మొత్తం కవితలో ప్రతీకగా ఉండవచ్చు.

ఈ పరిశీలనకు తీసుకున్నది అభ్యాసం కోసం రాసిన 12 పంక్తుల కవిత. నాలుగు పద్ధతులూ అందులో ఉన్నాయి. పైగా అవి ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉన్నాయి. శీర్షిక లేదు.

తాళంకప్ప మీద తుప్పు ఎర్రటి పొడిగా రాలుతోంది,
ముట్టుకుంటే వేలికి చల్లగా అంటుతోంది.
నాన్న జేబులో ఈ తాళంచెవి
నడిచినప్పుడల్లా సన్నగా మోగేది.
ఆయన మౌనం తలుపుల్లేని గది,
అందులోకి మేమెవరం అడుగుపెట్టలేదు.
దొంగలు పడతారని ఆయన ప్రతి రాత్రీ
తాళాన్ని రెండుసార్లు లాగి చూసేవాడు.
ఇప్పుడు గోడలు కూలాయి, పైకప్పు లేదు,
తలుపొక్కటే నిలబడి ఉంది, తాళం వేసి.
తాళంచెవి నా జేబులో బరువుగా ఉంది,
నడిచినప్పుడల్లా సన్నగా మోగుతోంది.

ప్రశ్న ఇది: ‘ఈ కవితలో వాడిన రచనా పద్ధతుల్లో ఏవైనా రెండింటిని గుర్తించి, అవి కవిత భావానికి ఎలా తోడ్పడ్డాయో వివరించండి.’ మొత్తం 8 మార్కులు, ఒక్కో పద్ధతికి 4. ఆ నాలుగింటిలో సరైన పేరుకు 1, కవితలోని మాటల్ని ఉన్నవున్నట్టు చూపినందుకు 1, వివరణకు 2.

జవాబు ఇలా వచ్చింది:

‘ఈ కవితలో తాళంచెవి ఒక రూపకం. అది భద్రతకు గుర్తు. తండ్రి మౌనాన్ని గదితో పోల్చారు కాబట్టి గది ఒక ప్రతీక. తుప్పు కాలానికి ప్రతీక. ఇల్లు కూలిపోవడం చాలా వ్యంగ్యంగా ఉంది. చక్కటి పదచిత్రాలతో కవి కవితను కళ్లకు కట్టారు.’

దీనికి 8లో 2 వచ్చాయి. అయితే ఈ విద్యార్థి చూపు మంచిది. తాళంచెవి, మౌనం, తుప్పు, కూలిన ఇల్లు: చెప్పదగ్గ చోట్లన్నీ పట్టుకున్నాడు. రెండు అడిగితే ఐదు రాశాడు, ఒక్కోదానికి ఒకటి రెండు వాక్యాలే కేటాయించాడు. ఏ పేరుకూ ఆధారం చూపలేదు. ఒక్కో పేరు ఎందుకు నిలబడలేదో చూద్దాం.

మొదట గది సంగతి. ‘ఆయన మౌనం తలుపుల్లేని గది.’ ఈ పంక్తిని అక్షరాలా తీసుకుంటే అబద్ధం. మౌనం గది కాలేదు. ఒక వస్తువు మరో వస్తువే అని కవి చెబుతున్నాడు, మధ్యలో ‘లా’, ‘వలె’, ‘లాంటి’ వంటి మాట ఏదీ లేదు. ఆ మాట ఉంటే ఉపమ అయ్యేది, లేదు కాబట్టి రూపకం. దీన్ని తేల్చడానికి పరీక్షలో బాగా పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. ఈ కవితలోని దృశ్యాన్ని కెమెరాతో తీస్తే ఈ వస్తువు తెర మీద కనబడుతుందా? తలుపు కనబడుతుంది, తాళంకప్ప కనబడుతుంది, జేబులో తాళంచెవి కనబడుతుంది. తలుపుల్లేని గది మాత్రం ఎక్కడా కనబడదు. మౌనం గురించి చెప్పడానికి కవి దాన్ని బయటి నుంచి తెచ్చాడు. అలా అరువు తెచ్చుకున్న వస్తువు రూపకంలో ఉంటుంది. ప్రతీక అయిన వస్తువు కవిత లోపలే, కథలో భాగంగా, నిజంగా ఉంటుంది.

విద్యార్థి రాసిన ‘పోల్చారు కాబట్టి ప్రతీక’ అన్న వాక్యంలో కారణం సరైనదే, పేరు తప్పు. పోలిక ఉందని కనిపెట్టాక ఆగి, రెండు వైపులా ఏమేమున్నాయో రాసుకుని ఉంటే తేలిపోయేది. ఒక వైపు మౌనం, రెండో వైపు గది. రెండూ పంక్తిలోనే కనబడుతున్నాయి కాబట్టి రూపకం. ప్రతీకకు రెండో వైపు కవిత పేర్కొనదు, చదివేవాడు వెతుక్కోవాలి.

కెమెరా పరీక్షకు హద్దులున్నాయి. కొన్ని రూపకాల్లో అరువు వస్తువు పేరు కూడా ఉండదు, క్రియలో దాక్కుంటుంది. ‘ఆయన కోపం మరిగింది’ అన్నప్పుడు నీళ్ల ప్రస్తావన లేదు, కానీ మరగడం నీళ్లది. అలాంటి చోట క్రియ ఎవరిదో అడగాలి. ఇక కొన్ని కవితల్లో దృశ్యమే ఉండదు, అంతా ఆలోచనే. అక్కడ కెమెరా ప్రశ్న పనిచేయదు. అప్పుడు ‘అక్షరాలా తీసుకుంటే ఇది నిజమా, అబద్ధమా?’ అన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది.

ఇప్పుడు తాళంచెవి. ఇది ఈ కవితలో అసలైన వస్తువు. అక్షరాలా తాళంచెవే. జేబులో ఉంది, మోగుతోంది. కవి దాన్ని మరో దానితో సమానం చేయలేదు. ‘నాన్న భయమే నాకు మిగిలిన తాళంచెవి’ అని రాసి ఉంటే రూపకం అయ్యేది. అలా రాయలేదు. కాబట్టి రూపకం అన్న పేరు ఇక్కడ నిలబడదు.

మరి ప్రతీక అనవచ్చా? కవితలో వస్తువు ఉన్నంత మాత్రాన ప్రతీక కాదు. తలుపు కూడా ఉంది, జేబు కూడా ఉంది. ప్రతీక అనడానికి కవితలోనే సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం సాధారణంగా మూడు చోట్ల దొరుకుతుంది. వస్తువు మళ్లీ మళ్లీ రావడం, ముఖ్యమైన చోట రావడం, వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి మారడం. మూడోది అన్నిటికన్నా బలమైనది. తాళంచెవి 3, 4 పంక్తుల్లో వస్తుంది, మళ్లీ 11, 12 పంక్తుల్లో వస్తుంది. కవిత దానితోనే ముగుస్తుంది. ‘నడిచినప్పుడల్లా సన్నగా మోగేది’ అన్న వాక్యం చివర్లో ‘మోగుతోంది’ అయింది. నాన్న జేబు కాస్తా నా జేబు అయింది. చప్పుడు గురించి చెప్పిన పంక్తిలో మిగిలినదంతా మాట మాటకూ అదే. ఇంత పొందికగా తిరిగి వచ్చిందంటే కవి దాని మీద లోహం మోయలేని అర్థం ఏదో పెట్టాడని చెప్పడానికి ఆధారం దొరికినట్టే.

ఏ అర్థం పెట్టాడు? విద్యార్థి ‘భద్రత’ అన్నాడు. కవిత చదవకుండానే ఊహించగలిగిన జవాబు ఇది, ఎందుకంటే తాళంచెవి అనగానే ఎవరికైనా తోచేది అదే. దాన్ని పరీక్షించడానికి ఒక పద్ధతి ఉంది. మీరు చెప్పిన అర్థాన్ని ఆ వస్తువు వచ్చిన ప్రతి చోటా పెట్టి చదవండి. మొదటి చోట భద్రత సరిపోతుంది, తండ్రి ఇంటిని కాపాడుకుంటున్నాడు. చివరి చోట సరిపోదు. గోడలే లేని ఇంటికి ఆ తాళంచెవి ఇచ్చే భద్రత ఏముంది? అయినా కొడుకో కూతురో దాన్ని జేబులో మోస్తూనే ఉన్నారు. రెండు చోట్లా నిలబడే అర్థం కావాలి. తండ్రి నుంచి పిల్లలకు వచ్చిన భయం, లేదా కాపలా కాసే అలవాటు, కాపాడటానికి ఏమీ మిగలకపోయినా వదలని అలవాటు. ఈ అర్థం రెండు చోట్లా నిలుస్తుంది.

ఇక్కడ ‘భయం లేదా అలవాటు’ అని రాయడం తడబాటు అనుకోనక్కర్లేదు. ప్రతీకకు ఒకే అర్థం అంటగట్టి ‘తాళంచెవి = భద్రత’ అని సమీకరణంలా రాస్తే వివరణ అక్కడితో ఆగిపోతుంది. రెండు దగ్గరి అర్థాలు చెప్పి, రెండింటికీ కవితలో చోటు చూపిస్తే వివరణ మార్కులు పూర్తిగా వస్తాయి. అయితే నాలుగైదు అర్థాలు కుప్ప పోస్తే దేనికీ ఆధారం చూపే జాగా ఉండదు.

తుప్పు విషయంలో జాగ్రత్త కావాలి. ‘తుప్పు కాలానికి ప్రతీక’ అన్నది పూర్తిగా అసంబద్ధం కాదు, తుప్పు పట్టాలంటే కాలం గడవాలి. కానీ తుప్పు 1, 2 పంక్తుల్లో ఒక్కసారే వస్తుంది, మళ్లీ రాదు, ఏమీ మారదు. ప్రతీక అని వాదించడానికి సాక్ష్యం చాలా పలచన. అదే పంక్తుల్ని పదచిత్రం అంటే సాక్ష్యం చేతి నిండా ఉంది. ‘ఎర్రటి పొడిగా రాలుతోంది’ కంటికి, ‘వేలికి చల్లగా అంటుతోంది’ స్పర్శకు. ఏ ఇంద్రియం అన్న ప్రశ్నకు జవాబు పంక్తిలోని మాటల్లోనే దొరికితే అది పదచిత్రం. ‘ఈ పదచిత్రం ఇల్లు చాలాకాలంగా ఎవరూ ముట్టనిదని సూచిస్తోంది’ అని రాస్తే కాలం సంగతి కూడా వస్తుంది, పేరూ తప్పదు. ఒక వస్తువు ఏదో సూచించినంత మాత్రాన ప్రతీక అయిపోదు. మంచి పదచిత్రం ఎప్పుడూ ఎంతో కొంత సూచిస్తూనే ఉంటుంది.

పదచిత్రం గురించి విద్యార్థి చివరి వాక్యం అన్నిటికన్నా బలహీనమైనది. ‘చక్కటి పదచిత్రాలతో కళ్లకు కట్టారు’ అన్నది ఏ కవితకైనా సరిపోతుంది కాబట్టి ఏ మార్కూ తేదు. పైగా ‘కళ్లకు కట్టడం’ అన్న అలవాటు మాట వల్ల విద్యార్థులు పదచిత్రమంటే కనబడేదే అనుకుంటారు. ఈ కవితలో అతి ముఖ్యమైన పదచిత్రం వినబడేది: ‘సన్నగా మోగేది’. ఆ చప్పుడే తండ్రి కాలాన్నీ ఇప్పటి కాలాన్నీ కలుపుతోంది.

ఇంకో చిక్కు, పదచిత్రం మిగతా మూడింటితో పోటీ పడే పేరు కాదు. ఇంద్రియాలకు అందేలా చెప్పడం ఒక పని, ఒకదాన్ని ఇంకోదానిగా చెప్పడం ఇంకో పని. రెండూ ఒకే పంక్తిలో జరగవచ్చు. ‘తలుపుల్లేని గది’ రూపకమే, కానీ మనసులో ఒక గది కూడా కనబడుతుంది. అందుకే ‘ఇది పదచిత్రమా, రూపకమా?’ అని తల బద్దలు కొట్టుకోవడం వృథా. రెండూ వర్తించే చోట అర్థాన్ని ఎక్కువగా మోస్తున్న పేరు రాయాలి. ఈ పంక్తిలో ఆ గది రంగూ, వెలుగూ, వాసనా ఏవీ చెప్పలేదు. చెప్పింది ఒక్కటే, లోపలికి దారి లేదని. కాబట్టి రూపకం అనడమే ఉచితం.

వ్యంగ్యం, అంటే ఐరనీ, దగ్గర తప్పు లోతైనది. ‘ఇల్లు కూలిపోవడం చాలా వ్యంగ్యంగా ఉంది’ అన్న వాక్యంలో విద్యార్థి విషాదాన్ని వ్యంగ్యం అనుకున్నాడు. ఇల్లు కూలడం బాధాకరం, అంతే. వ్యంగ్యానికి రెండు కొసలు కావాలి. అనుకున్నది ఒకటి, జరిగింది దానికి ఎదురు. ఆ రెండూ ఒకదానికొకటి తగిలినప్పుడే వ్యంగ్యం పుడుతుంది. 7, 8 పంక్తుల్లో మొదటి కొస ఉంది: తండ్రి దొంగలకు భయపడ్డాడు, తాళాన్ని రెండుసార్లు లాగి చూసేవాడు. 9, 10 పంక్తుల్లో రెండో కొస ఉంది: గోడలు పోయాయి, కప్పు పోయింది, తాళం మాత్రం వేసినట్టే ఉంది. ఆయన కాపలా కాసిన తాళం చెక్కుచెదరలేదు, దాని వెనక కాపాడాలనుకున్న ఇల్లు మిగల్లేదు. 7, 8 పంక్తులు చేత్తో మూసి కవిత చదవండి. విషాదం అలాగే ఉంటుంది, వ్యంగ్యం సగానికి సగం పోతుంది. అంటే వ్యంగ్యానికి సగం ఆధారం ఆ రెండు పంక్తుల్లోనే ఉందన్నమాట. జవాబులో అవి తప్పనిసరిగా రావాలి. విద్యార్థి ఒక కొసనే పట్టుకున్నాడు.

ఇది సన్నివేశంలోని వ్యంగ్యం. మాటలో వ్యంగ్యం కాదు, ఎందుకంటే కవి ఒకటి అని ఇంకోటి ఉద్దేశించలేదు. ‘ఎంత భద్రమైన ఇల్లు!’ అని కూలిన గోడల మధ్య నిలబడి అని ఉంటే మాటలో వ్యంగ్యం అయ్యేది. నాటకీయ వ్యంగ్యమని కూడా కొందరు రాస్తారు, తండ్రికి తెలియనిది మనకు తెలుసు కదా అని. వాదన పూర్తిగా కొట్టివేయదగ్గది కాదు కానీ, తండ్రి ఈ కవితలో మాట్లాడడు, మన కళ్ల ముందు ఏ నిర్ణయమూ తీసుకోడు. రకం పేరు తప్పుగా రాసి మార్కు పోగొట్టుకోవడం కన్నా, ప్రశ్న అడగనప్పుడు ‘వ్యంగ్యం’ అని మాత్రమే రాసి రెండు కొసలూ చూపడం మేలు.

మిగిలింది 11వ పంక్తిలోని ‘బరువుగా ఉంది’. ఈ మాట దగ్గర చదివినవాళ్లు కూడా వేరువేరుగా రాస్తారు. తాళంచెవి జేబులో బరువు తెలియడం స్పర్శకు సంబంధించిన పదచిత్రమే. కానీ ఒక్క తాళంచెవి అంత బరువు ఉండదు, ఇక్కడి బరువు మనసుది కూడా. అలాగని రూపకం అనకూడదు, దేన్నీ ఇంకోదానితో సమానం చేయలేదు కాబట్టి. దీన్ని ప్రతీకకు సాక్ష్యంగా వాడుకోవడం ఉత్తమం: తండ్రి దగ్గర మోగిందని మాత్రమే చెప్పిన కవి, తన దగ్గరికి వచ్చేసరికి ‘బరువు’ అన్న మాట చేర్చాడు. ఇదే ఆ మారిన విషయం.

ఇంత పరిశీలన పరీక్షలో చేయడానికి సమయం ఉండదని అనిపించవచ్చు. ఉంటుంది, రెండే ఎంచుకుంటే. 15 నిమిషాలు ఉన్నాయనుకుంటే 5 నిమిషాలు కవితను రెండుసార్లు చదవడానికీ, అంచున గుర్తులు పెట్టుకోవడానికీ పోతాయి. రెండోసారి చదివేటప్పుడు తిరిగి వచ్చిన మాటల కింద గీత గీయాలి, అక్షరాలా అబద్ధమైన పంక్తి పక్కన చిన్న గుర్తు పెట్టాలి. ఆ రెండు గుర్తులే రూపకాన్నీ ప్రతీకనూ విడదీస్తాయి. మిగిలిన 10 నిమిషాలు రాయడానికి. ఏ రెండు ఎంచుకోవాలి? గుర్తించడం తేలికైనవాటిని కాకుండా, మొత్తం కవిత గురించి ఎక్కువ చెప్పనిచ్చేవాటిని. ఈ కవితలో అవి ప్రతీక, వ్యంగ్యం. రూపకం గుర్తించడం సులువే కానీ అది 5, 6 పంక్తుల దగ్గరే ఉండిపోతుంది.

అదే విద్యార్థి గమనించిన విషయాలతోనే జవాబును తిరగరాస్తే ఇలా వస్తుంది:

‘ఈ కవితలో తాళంచెవి ప్రతీక. మొదట అది తండ్రి జేబులో “నడిచినప్పుడల్లా సన్నగా మోగేది”. చివర్లో అదే చప్పుడు కవి జేబులో “సన్నగా మోగుతోంది”. తాళంచెవి నిజమైన వస్తువే అయినా, తలుపు తీయాల్సిన అవసరమే లేని చోట కూడా దాన్ని మోస్తున్నారంటే అది తండ్రి భయం పిల్లలకు వారసత్వంగా రావడాన్ని సూచిస్తోంది. “బరువుగా ఉంది” అన్న మాట తండ్రి విషయంలో లేదు, కవి విషయంలోనే ఉంది. తండ్రికి అలవాటుగా ఉన్నది కవికి భారమైందని దీని వల్ల తెలుస్తుంది.

రెండోది వ్యంగ్యం. దొంగలు పడతారని తండ్రి “తాళాన్ని రెండుసార్లు లాగి చూసేవాడు”. ఇల్లు దొంగల వల్ల పోలేదు, గోడలు కూలి పోయింది. చివరికి “తలుపొక్కటే నిలబడి ఉంది, తాళం వేసి”. కాపాడటానికి వేసిన తాళం మిగిలింది, కాపాడాలనుకున్నది మిగల్లేదు. ఆయన భయపడిన ప్రమాదం ఒకటి, వచ్చినది వేరొకటి అని ఈ ఎదురుబొదురు స్థితి చూపిస్తుంది. అందుకే కవి ఆ తాళంచెవిని ఇంకా మోయడం మరింత వ్యర్థంగా కనబడుతుంది.’

ఈ జవాబులో రెండు పేర్లకూ సాక్ష్యం ఉంది. చివరి వాక్యం రెండు పద్ధతుల్నీ కలుపుతోంది. ‘ఎలా తోడ్పడ్డాయి’ అన్న మాటకు సమాధానం అక్కడే దొరుకుతుంది. ‘ఇల్లు దొంగల వల్ల పోలేదు’ అన్న వాక్యం విషయంలో ఒక హెచ్చరిక: గోడలు ఎందుకు కూలాయో కవిత చెప్పలేదు. వానకు కూలాయనో, పిల్లలు వదిలేశారనో చేర్చితే అది జవాబు రాసేవారి కల్పన అవుతుంది. కవిత చెప్పిన మేరకే ఆగాలి.

అభ్యాసానికి, ఒకే వస్తువును తీసుకుని నాలుగు పనులూ చేయించి చూడటం బాగా ఉపయోగపడుతుంది. ‘చల్లటి ఇనుము అరచేతిలో అచ్చు పడింది’ అంటే పదచిత్రం. ‘ఆమె నవ్వే ఆ ఇంటి తాళంచెవి’ అంటే రూపకం. ‘ఊరందరి తాళాలూ బాగుచేసేవాడు తాళంచెవి పోగొట్టుకుని తన గుమ్మం బయట రాత్రంతా నిలబడ్డాడు’ అంటే వ్యంగ్యం. ఇక ప్రతీకకు ఒక పంక్తి రాయబోతే కుదరదు. ‘ఆమె తాళంచెవిని కిటికీలోంచి విసిరేసింది’ అని రాసినా, ముందూ వెనకా ఏమీ లేకపోతే అది ఒక చర్య మాత్రమే. అందుకే జవాబులో ప్రతీక అని రాసినప్పుడు కవితలో రెండు చోట్ల నుంచి మాటలు చూపాలి. నాలుగే పంక్తుల కవిత వచ్చి, వస్తువు ఒక్కసారే కనబడితే, శీర్షిక కూడా ఆ వస్తువు పేరే అయితే శీర్షికను రెండో చోటుగా వాడుకోవచ్చు. అదీ లేకపోతే పదచిత్రం అని రాసి, ‘సూచిస్తోంది’ అన్న మాటతో వివరణ నడిపించడం సురక్షితం.